పిల్లల్లో రాత్రి దురద, రెండో మాత్ర తేదీ

పగలంతా హాయిగా ఆడుకున్న పిల్ల రాత్రి పడుకున్న గంట రెండు గంటలకు నిద్రలోనే వెనక గోక్కోవడం, బోర్లా తిరిగి పొర్లడం, ఒక్కోసారి ఏడుస్తూ లేచి కూర్చోవడం చేస్తుంటే ముందుగా అనుమానించాల్సింది సూది పురుగులను. చాలా ఇళ్లలో ఆ తర్వాత జరిగేది ఒకటే. మెడికల్ షాపు నుంచి ఒక మాత్ర తెచ్చి పిల్లకు వేస్తారు. నాలుగైదు రోజుల్లో దురద పోతుంది. నెలా నెలన్నర తిరిగేసరికి మళ్లీ మొదలవుతుంది. మాత్ర పనిచేయలేదని ఇంకో కంపెనీ మాత్ర తెస్తారు. నిజానికి మొదటి మాత్ర తన పని తాను చేసే ఉంటుంది. ఇంట్లో మిగతావాళ్లు వేసుకోకపోవడం, రెండో మాత్ర వేయకపోవడం లేదా వేయాల్సిన రోజున కాక ఇంకెప్పుడో వేయడం వల్లే కథ మొదటికొస్తుంది.

కడుపులో ఉండే ఏ పురుగునైనా మనం నులిపురుగు అనే అంటాం కాబట్టి ఒక మాట ముందే స్పష్టం చేసుకోవాలి. ఇక్కడ చెబుతున్నది ఇంగ్లిష్‌లో పిన్‌వార్మ్, థ్రెడ్‌వార్మ్ అనే సన్నటి తెల్ల పురుగు గురించి. డాక్టర్ల పుస్తకాల్లో దీని పేరు ఎంటరోబియస్ వెర్మిక్యులారిస్. ఏలికపాములు, కొంకి పురుగులు మట్టిలో కొంతకాలం గడిపితే తప్ప ఇంకొకరికి అంటవు. సూది పురుగుకు మట్టితో పనే లేదు. మనిషి నుంచి మనిషికి, వేలి నుంచి నోటికి నేరుగా వెళ్తుంది. అందుకే చెప్పులు లేకుండా తిరగడం, కుక్కపిల్లను ముద్దు చేయడం, బెల్లం ఎక్కువ తినడం దీనికి కారణాలు కావు. కుక్కల్లో, పిల్లుల్లో ఈ పురుగు పెరగదు. తీపి తినడం మానిపించినంత మాత్రాన అది చావదు.

దీని బతుకు ఎలా సాగుతుందో తెలిస్తే వైద్యం దానంతట అదే అర్థమవుతుంది. గుడ్డు నోట్లో పడి చిన్నపేగులో పిల్ల అవుతుంది. అక్కడి నుంచి దిగి పెద్దపేగు మొదట్లో పెరుగుతుంది. మింగిన గుడ్డు నుంచి గుడ్లు పెట్టే ఆడపురుగు తయారు కావడానికి సుమారు ఒక నెల పడుతుంది. అప్పటికి ఆడపురుగు ఒక సెంటీమీటరు దాకా ఉంటుంది, మగది అందులో సగం కూడా ఉండదు. ఆడది పేగు లోపల గుడ్లు పెట్టదు. పిల్లలు నిద్రపోయాక మలద్వారం దాటి బయటికి వచ్చి, చుట్టూ ఉన్న చర్మపు ముడతల్లో జిగురుతో సహా గుడ్లు పెడుతుంది. ఒక్క పురుగు పెట్టే గుడ్లు పదివేలు దాటవచ్చు. రాత్రి దురదకు కారణం ఆ పురుగు కదలిక, ఆ జిగురు. పగలు దురద తక్కువగా ఉండి, పడుకున్నాకే మొదలవడానికి కారణం కూడా ఇదే.

పెట్టిన గుడ్డు ఒంటి వేడికి నాలుగు నుంచి ఆరు గంటల్లో ఇంకొకరికి అంటించే స్థితికి వచ్చేస్తుంది. అంటే రాత్రి పదకొండుకు పెట్టిన గుడ్డు పిల్ల పొద్దున పళ్లు తోముకునే వేళకే సిద్ధంగా ఉంటుంది. నిద్రలో గోకిన గోళ్ల కింద, చెడ్డీలో, దుప్పటి మీద గుడ్లు ఉంటాయి. కంటికి కనిపించవు. అదే వేలు నోట్లో పెట్టుకుంటే అదే పిల్లకు మళ్లీ కొత్త పురుగులు. దుప్పటి దులిపితే తేలికైన ఆ గుడ్లు గాల్లోకి లేచి, పక్కనున్నవాళ్ల ముక్కు గొంతుల ద్వారా లోపలికి పోతాయి. చల్లగా, కాస్త తేమగా ఉన్న గదిలో రెండు మూడు వారాల దాకా బతకగలవు. ఎండ, పొడి వేడి తగిలితే చాలా తొందరగా చస్తాయి.

మన ఇళ్లలో ఇది ఒకరి దగ్గర ఆగకపోవడానికి కారణాలు వెతకక్కర్లేదు. పిల్లలు అమ్మ పక్కలోనో, నాయనమ్మ పక్కలోనో పడుకుంటారు. ఒకే బొంత ముగ్గురు కప్పుకుంటారు. దొడ్డికి వెళ్లిన పిల్లను కడిగేది అమ్మ చెయ్యి, అన్నం కలిపి ముద్దలు పెట్టేదీ అమ్మ చెయ్యే. ఇందులో మురికి మనుషులు, శుభ్రమైన మనుషులు అన్న తేడా లేదు. ఫ్లోరు అద్దంలా మెరిసే ఫ్లాటులోనూ ఇది ఉంటుంది. పెద్దవాళ్లలో పురుగులు తక్కువగా ఉండి దురద అసలు తెలియకపోవచ్చు. అదే అసలు చిక్కు. దురద లేని నాన్న, దురద ఉన్నా చెప్పుకోవడానికి సిగ్గుపడే తాత మాత్ర వేసుకోరు. నెల తర్వాత పిల్లకు మళ్లీ అంటుతుంది.

మందు వేసే ముందు ఉన్నది సూది పురుగేనా అని చూసుకోవడం కష్టమేమీ కాదు. పిల్ల నిద్రపోయిన రెండు మూడు గంటల తర్వాత టార్చి వెలుగులో పిర్రలు మెల్లగా విడదీసి చూడాలి. మలద్వారం దగ్గర సన్నటి తెల్ల దారపు ముక్క కదులుతూ కనిపిస్తే ఇక పరీక్ష అక్కర్లేదు. ఆడపిల్లల్లో ముందువైపు కూడా చూడాలి, పురుగు అటు పాకి మంట, తెల్లబట్ట లాంటి ఇబ్బంది తెస్తుంది. పురుగు కనిపించకపోతే టేపు పరీక్ష ఉంది. పొద్దున లేవగానే, దొడ్డికి వెళ్లకముందు, కడగకముందు పారదర్శకమైన సెల్లో టేపు జిగురు వైపును మలద్వారం చుట్టూ చర్మానికి రెండు మూడు చోట్ల అద్ది, ల్యాబ్ వాళ్లిచ్చిన గాజు పలక మీద అంటించి ఇవ్వాలి. ఆ తర్వాత చేతులు సబ్బుతో కడుక్కోవాలి. పురుగు రోజూ బయటికి రాకపోవచ్చు కాబట్టి ఒక్కరోజు టేపులో గుడ్లు దొరక్కపోతే పురుగులు లేవని కాదు, వరుసగా మూడు రోజులు తీస్తేనే నమ్మకం. మోషన్ టెస్టు మాత్రం ఇక్కడ పెద్దగా ఉపయోగపడదు. గుడ్లు పెట్టేది చర్మం మీద కాబట్టి మలంలో చాలా అరుదుగా కనిపిస్తాయి. మోషన్ టెస్టు నార్మల్ అని రాగానే పురుగులు లేవని నిశ్చింతగా ఉండిపోవడం తరచూ జరిగే పొరపాటు.

నిద్రలో పళ్లు కొరకడాన్ని మన పెద్దలు నులిపురుగుల గుర్తుగా చెబుతారు. పురుగులు లేని పిల్లలు కూడా కొరుకుతారు, కాబట్టి దాన్ని చూసి మాత్ర వేయడం సరికాదు. అంతకంటే జాగ్రత్తగా చూడాల్సినవి రెండున్నాయి. గజ్జి కూడా రాత్రే ఎక్కువ దురద పెడుతుంది, ఇంట్లో అందరికీ పాకుతుంది. కానీ గజ్జిలో వేళ్ల సందుల్లో, మణికట్టు మీద, బొడ్డు చుట్టూ చిన్న చిన్న పొక్కులుంటాయి, దానికి మందు వేరు. రెండోది, మలద్వారం చుట్టూ చర్మం ఎర్రగా కందిపోయి, దొడ్డికి వెళ్లేటప్పుడు నొప్పితో ఏడవడం, రక్తపు చారలు కనిపించడం. అది బాక్టీరియా ఇన్ఫెక్షన్ కావచ్చు. యాంటీబయాటిక్ అవసరమో కాదో డాక్టరే చూసి చెప్పాలి.

ఇప్పుడు మందు, దానితోపాటు తేదీ. మన దగ్గర ఎక్కువగా వాడేది ఆల్బెండజోల్. రెండేళ్లు నిండిన పిల్లలకూ పెద్దలకూ ఒకే మోతాదు, 400 మిల్లీగ్రాములు, ఒక్కసారి. ఏడాది నుంచి రెండేళ్ల లోపు పిల్లలకు మామూలుగా 200 మిల్లీగ్రాములు ఇస్తారు, అదీ డాక్టరు చెప్పాకే. మెబెండజోల్, పైరాంటెల్ అనేవి కూడా ఉన్నాయి. మందు ఏదైనా ఒక విషయం మారదు. అది పేగులో ఉన్న పురుగులను చంపుతుంది కానీ గుడ్లను నమ్మకంగా చంపలేదు. మాత్ర వేసిన రోజున దుప్పటి మీద, గోళ్ల కింద ఉన్న గుడ్లు అలాగే ఉంటాయి. మర్నాడు పిల్ల వాటిని మింగితే కొత్త పురుగులు పెరగడం మొదలవుతుంది, అప్పటికి మందు ప్రభావం ఉండదు.

అందుకే రెండు వారాల తర్వాత రెండో మాత్ర. ఈ రెండు వారాలు ఊరికే చెప్పింది కాదు. మొదటి మాత్రతో పెద్ద పురుగులు చచ్చిపోతే ఇంట్లో కొత్త గుడ్లు పడటం ఆగిపోతుంది. పాత గుడ్లు ఎండకు, ఉతుక్కు, కాలానికి రోజురోజుకూ తగ్గుతూ వస్తాయి. ఈలోగా మింగిన గుడ్ల నుంచి పుట్టిన పిల్ల పురుగులు పద్నాలుగో రోజుకు ఇంకా ఎదగలేదు, వాటికి గుడ్లు పెట్టే వయసు రావాలంటే మరో రెండు వారాలు కావాలి. సరిగ్గా ఆ మధ్యలో రెండో మాత్ర పడితే వాటి పని అయిపోతుంది. రెండోది మూడు నాలుగు రోజులకే వేస్తే ఆ తర్వాత మింగిన గుడ్లు తప్పించుకుంటాయి. నెల దాటాక వేస్తే కొత్త తరం అప్పటికే దుప్పట్ల మీద గుడ్లు పెట్టేసి ఉంటుంది, మళ్లీ మొదటి మాత్ర వేసినట్టే లెక్క. ఒకటి రెండు రోజులు అటూ ఇటూ అయితే ఫర్వాలేదు.

ఒక ఇంటిని ఊహించి లెక్క వేద్దాం. అమ్మ, నాన్న, నాయనమ్మ, రెండో తరగతి చదివే ఏడేళ్ల పాప, ఇరవై నెలల బాబు. దురద పాపకే ఉంది, టార్చి వెలుగులో పురుగు కనిపించింది. డాక్టరును అడిగాక, నెలలో 3వ తేదీ శనివారం రాత్రి భోజనమయ్యాక అందరూ ఒకేసారి మందు వేసుకుంటారు. పెద్దవాళ్లు ముగ్గురికి, పాపకు ఒక్కొక్క 400 మాత్ర. పాప నమిలి మింగుతుంది. బాబుకు మాత్ర ముక్కలు పెట్టకూడదు, గొంతులో అడ్డం పడే ప్రమాదముంది. డాక్టరు 200 అని చెప్పాడు కాబట్టి సిరప్ తెచ్చారు. సీసా మీద 5 ఎంఎల్‌కు 200 మిల్లీగ్రాములని ఉంటే 5 ఎంఎల్ పోయాలి, 10 ఎంఎల్ సీసా మొత్తం కాదు. సీసా బాగా కుదిపాకే కొలవాలి. రెండో మోతాదు 17వ తేదీ శనివారం. నాయనమ్మ 10న కూతురి ఊరు వెళ్తోంది, కాబట్టి ఆమె మాత్ర ఇప్పుడే కొని, తేదీ రాసి ఆమె సంచిలోనే పెట్టాలి. ఇలాంటి చిన్న చోటే లెక్క తప్పుతుంది. ఇంట్లో నలుగురు వేసుకుని, ఊరెళ్లిన ఒకరు మరిచిపోతే ఆమె తిరిగొచ్చాక ఆమె పక్కలో పడుకునేది పాపే.

అందరూ అన్నప్పుడు కొందరిని డాక్టరును అడగకుండా కలపకూడదు. గర్భిణి, ముఖ్యంగా మొదటి మూడు నెలల్లో ఉన్నామె, సొంతంగా ఈ మాత్ర వేసుకోకూడదు. ఏడాది నిండని బిడ్డకు, లివరు జబ్బు ఉన్నవాళ్లకు, ఎప్పుడైనా ఫిట్స్ వచ్చినవాళ్లకు కూడా ముందు డాక్టరే. ఫిట్స్ సంగతి ఎందుకంటే, మెదడులో బద్దెపురుగు తిత్తులున్నవాళ్లకు ఆల్బెండజోల్ వేస్తే తిత్తుల చుట్టూ వాపు వచ్చి ఫిట్స్ రావచ్చు. మాత్ర వేసుకోలేని మనిషి ఇంట్లో ఉంటే ఆ మనిషికి శుభ్రతే మందు. అప్పుడు కింద చెప్పే పద్ధతిని రెండు వారాలతో ఆపకుండా ఆరు వారాలు పాటించాలి, ఎందుకంటే లోపల ఉన్న పురుగులు వాటంతట అవి చచ్చేదాకా కొత్త గుడ్డు నోట్లో పడకుండా చూడాలి.

ఉతుకు విషయంలో చాలామంది రెండు చివర్లలో ఏదో ఒక దగ్గర ఉంటారు. కొందరు ఏమీ చేయరు. కొందరు పరుపులు బయట పారేసి, డెట్టాల్ నీళ్లతో గోడలు కూడా తుడిచి, మూడో రోజుకు అలసిపోయి మానేస్తారు. కావాల్సింది ఒక్కరోజు పెద్ద ఉతుకు, ఆ తర్వాత రెండు వారాలు రోజూ పొద్దున పావుగంట పని. పెద్ద ఉతుకు మాత్ర వేసిన మర్నాడు పొద్దున, అంటే మన లెక్కలో 4వ తేదీ ఆదివారం. అందరి పక్కదుప్పట్లు, కప్పుకునే దుప్పట్లు, దిండు గలీబులు, రాత్రి బట్టలు, తువ్వాళ్లు, పాప పక్కలో పెట్టుకునే గుడ్డబొమ్మ. వీటిని దులపకుండా, ఉన్నచోటే లోపలికి మడిచి నేరుగా బకెట్లోకో మెషీన్లోకో వేయాలి. మంచం మీద నిలబడి దుప్పటి దులిపితే గుడ్లు గదంతా పరిచినట్టే.

మెషీన్లో వేడినీళ్ల సెట్టింగు ఉంటే 60 డిగ్రీలు పెట్టాలి. లేనివాళ్లు థర్మామీటరు వెతకక్కర్లేదు. మరిగిన నీళ్లు ఒక వంతు, కుళాయి నీళ్లు ఒక వంతు కలిపితే సుమారు 65 డిగ్రీలు వస్తాయి. ఆ నీళ్లలో సబ్బుపొడి వేసి, బట్టలు మునిగేలా అరగంట ఉంచి, కర్రతో తిప్పాలి. చెయ్యి పెడితే కాలుతుంది, పిల్లలను అటు రానివ్వకూడదు. తర్వాత మామూలుగా ఉతికి మిట్టమధ్యాహ్నపు ఎండలో ఆరేయాలి. బరువైన బొంతలు, పరుపులు ఉతకలేం కాబట్టి వాటిని మిద్దె మీద ఎండలో రెండు వైపులా తిప్పుతూ ఆరబెడితే చాలు. వానాకాలం, ఎండ తగలని ఫ్లాటు అయితే ఆరిన బట్టలను వేడి ఇస్త్రీ చేయాలి. ఆ రోజు గదిని చీపురుతో ఊడవకుండా తడిగుడ్డతో తుడవాలి, గుడ్డను వేడినీళ్లలో జాడించాలి. ఫ్యాను ఆపి ఈ పనంతా చేస్తే ఇంకా మంచిది. అందరి గోళ్లూ అదే రోజు పొట్టిగా కత్తిరించి, ఆ ముక్కలను కాగితంలో చుట్టి పారేయాలి.

మిగిలిన పద్నాలుగు రోజులకూ గుండెకాయ లాంటిది పొద్దుటి స్నానం. గుడ్లు పడేది రాత్రి కాబట్టి వాటిని కడిగేయాల్సింది పిల్ల లేవగానే. సాయంత్రం స్కూలు నుంచి వచ్చాక చేయించే స్నానం ఈ పనికి రాదు, అప్పటికే ఆ చేతులు పది చోట్ల తిరిగి ఉంటాయి. లేవగానే, టిఫిన్‌కు ముందు, చెంబుతో నీళ్లు పోస్తూ సబ్బుతో వెనకభాగం కడగాలి. టబ్బులో కూర్చోబెట్టి స్నానం చేయించకూడదు, తమ్ముడిని అదే నీళ్లలో అసలు దింపకూడదు. రాత్రి వేసుకున్న చెడ్డీ నేరుగా వేడినీళ్ల బకెట్లోకి వెళ్లాలి. ఉతికిన చెడ్డీ వేశాక పిల్ల చేతులు, కడిగిన అమ్మ చేతులు సబ్బుతో గోళ్లు రుద్ది కడగాలి. రాత్రి పడుకునేటప్పుడు మళ్లీ చెడ్డీ మార్చాలి. కాస్త బిగుతుగా ఉండే నూలు చెడ్డీ మీద పైజామా వేస్తే నిద్రలో వేలు నేరుగా చర్మానికి తగలదు. వేసవిలో పిల్లలను చెడ్డీ లేకుండా పడుకోబెట్టే అలవాటు ఈ రెండు వారాలు మానాలి. టూత్‌బ్రష్షులు అందరివీ ఒకే కప్పులో బాత్రూంలో తెరిచి పెట్టకుండా వేరే పెట్టి, తోముకునే ముందు కడగాలి. దురద ఎక్కువగా ఉంటే పడుకునేముందు మలద్వారం చుట్టూ కొద్దిగా వాజెలిన్ రాయవచ్చు. అది పురుగును చంపదు, చర్మం చిట్లకుండా కాపాడుతుంది.

ఇంత పట్టికలో సమయం లేనివాళ్లు ఏది వదిలేయవచ్చని అడిగితే జవాబు సులువే. నేల తుడవడం రోజూ కుదరకపోతే మానేయండి. పొద్దుటి స్నానం, రోజూ చెడ్డీ మార్పు, తినేముందు సబ్బుతో చేతులు, ఈ మూడు మాత్రం వదలకూడదు. రెండో మాత్ర వేసిన మర్నాడు దుప్పట్లు ఇంకోసారి ఉతికితే అక్కడితో పని పూర్తయినట్టే.

స్కూల్లో ఇచ్చిన మాత్ర సరిపోదా అన్న ప్రశ్న ఇక్కడ వస్తుంది. 2015లో కొన్ని రాష్ట్రాల్లో మొదలై, ఆ తర్వాత దేశమంతటా జరుగుతున్న నులిపురుగుల నివారణ దినం రోజున, మామూలుగా ఫిబ్రవరి 10, ఆగస్టు 10 తేదీల్లో, అంగన్‌వాడీల్లో, బడుల్లో 1 నుంచి 19 ఏళ్ల వాళ్లకు ఆల్బెండజోలే ఇస్తారు. అది మట్టి ద్వారా వచ్చే పురుగుల కోసం వేసిన పథకం, ఆ పని అది చేస్తుంది. సూది పురుగుల విషయానికి వస్తే అది మొదటి మాత్ర మాత్రమే. రెండు వారాలకు వేయాల్సిన రెండోది, అమ్మానాన్నలకు వేయాల్సినవి ఆ పథకంలో లేవు. పాపకు దురద ఉండగా ఆగస్టు 10న బడిలో మాత్ర వేశారనుకోండి, ఇంట్లోవాళ్లు డాక్టరును అడిగి ఆ రాత్రే తామూ వేసుకుంటే, 24న అందరికీ రెండోది వేస్తే ఆ మాత్ర వృథా పోదు. ఎలాగూ బడిలో వేశారు కదా అని ఊరుకుంటే సెప్టెంబరులో మళ్లీ టార్చి తీయాల్సిందే. పిల్లను మాత్రం బడి మాన్పించక్కర్లేదు.

మళ్లీ దురద వస్తే అది ఎప్పుడు వచ్చిందో చూడాలి. మొదటి మాత్ర వేసిన నాలుగైదు రోజులు కొంత దురద ఉండటం మామూలే, గోకిన చర్మం మానాలి. ఆ రోజుల్లో మలంలో చచ్చిన పురుగులు కనిపించినా కంగారు అక్కర్లేదు. రెండో మాత్ర తర్వాత వారం పదిరోజుల్లోనే కదిలే పురుగు కనిపిస్తే మోతాదు సరిగా పడలేదని అనుమానించాలి. బాబు సిరప్ కక్కేశాడా, పాప మాత్ర దిండు కింద దాచిందా అని చూడాలి. నెల, నెలన్నర తర్వాత మొదలైతే పాతవి మిగలలేదు, కొత్తగా గుడ్లు నోట్లో పడ్డాయి. అప్పుడు ఇంట్లో మందు వేసుకోని మనిషి ఎవరు, సెలవులకు వచ్చి ఒకే బొంతలో పడుకున్న పిన్ని పిల్లలు ఎవరు, రోజూ సాయంత్రం పిల్లను చూసుకునే ఇంట్లో ఎవరున్నారు అని వెతకాలి. దొరికిన ఇంటితో మాట్లాడి రెండిళ్లలోనూ ఒకే రాత్రి మొదటి మాత్ర, ఒకే తేదీన రెండోది పడేలా చూసుకోవాలి. అలా చేశాక కూడా తిరిగొస్తుంటే, లేదా ఎప్పుడైనా జ్వరం, బరువు తగ్గడం, కుడివైపు పొట్ట కింది భాగంలో నొప్పి, మూత్రంలో మంట కనిపిస్తే ఇక సొంతంగా మూడో మాత్ర వేయకుండా పిల్లల డాక్టరు దగ్గరికి వెళ్లాలి. వెళ్లేటప్పుడు ఎవరు ఏ తేదీన ఎంత వేసుకున్నారో రాసుకుని తీసుకెళ్లడం మంచిది, డాక్టరు మొదట అడిగేది అదే.